ఓనర్ సార్‌ను కార్పెట్ ఏరియా అడగాలంటే మొహమాటం!

ప్రశ్న: హనుమకొండలో గోపాలపూర్ వైపు ఒక రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నాం. నేను, నా భార్య, చిన్న పాప. ఓనర్ రిటైరైన లెక్చరర్, వడ్డేపల్లిలో ఉంటారు. మా నాన్నకు పరకాలలో ఉన్నప్పటి నుంచి తెలుసు. నేను ‘సార్’ అనే పిలుస్తాను. ఇల్లు ఇచ్చేటప్పుడు “1150 ఎస్‌ఎఫ్‌టీ, ఎస్‌ఎఫ్‌టీకి పది రూపాయలు వేసుకుందాం” అని 11,500 అద్దె చెప్పారు. సరే అన్నాం.

ఇప్పుడు రెండు చిక్కులు వచ్చాయి. నేను పనిచేసేది ప్రభుత్వ రంగ సంస్థలో. ఆఫీసు తరఫున ఇల్లు లీజుకు తీసుకునే సదుపాయం ఉంది. ఆ ఫారంలో కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా వేరువేరుగా రాసి ఓనర్ సంతకం తేవాలట. ఇదే టైంలో మా అసోసియేషన్ వాళ్లు నెలకు 1,500 ఉన్న మెయింటెనెన్స్‌ను ఎస్‌ఎఫ్‌టీకి రెండు రూపాయలు చేశారు. అంటే 2,300. అనుమానం వచ్చి టేపు పెట్టి గదులన్నీ కొలిచాను. మొత్తం 712 వచ్చింది. మిగతా 438 ఎస్‌ఎఫ్‌టీ ఎటు పోయింది?

లెటర్ రాస్తానంటే “సార్ నొచ్చుకుంటారు, ఖాళీ చేయమంటారు” అని నా భార్య టెన్షన్ పడుతోంది. ఆఫీసులో ఫ్రెండేమో “రెరా ఉంది కదా, లాయర్ నోటీసు ఇచ్చెయ్” అంటున్నాడు. అగ్రిమెంటు 11 నెలలది, ఇంకా నాలుగు నెలలు ఉంది. అందులో కొలతలేమీ రాయలేదు. ఎవరు వద్దనుకున్నా రెండు నెలల ముందు చెప్పాలని మాత్రం ఉంది. లెటర్ రాయాలా? ఏమని రాయాలి? నా కొలతల చీటీ కూడా పంపుతున్నాను.

— పేరు వద్దు, హనుమకొండ

సమాధానం:

లెటర్ సంగతికి వచ్చే ముందు మీ 438 ఎస్‌ఎఫ్‌టీ ఎక్కడుందో చూద్దాం. ఆ లెక్క తేలకుండా రాయడానికి కూర్చుంటే ప్రతి వాక్యంలోనూ అనుమానం తొంగిచూస్తుంది. ఏళ్ల తరబడి ఆన్సర్ షీట్లు దిద్దిన మనిషి దాన్ని మొదటి పేరాలోనే పట్టేస్తారు.

మీ చీటీ ప్రకారం హాలూ డైనింగూ కలిపి పదకొండున్నర అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. అంటే 253. పెద్ద బెడ్‌రూం 143, చిన్నది 120, వంటిల్లు 80, రెండు బాత్రూములు కలిపి 68, పూజగది 20, బెడ్‌రూముల మధ్య నడవ 28. కూడితే 712. మీ కూడిక సరైనదే. అంగుళాలను దశాంశంగా వేసే పొరపాటు కూడా మీరు చేయలేదు. పదకొండు అడుగుల ఆరు అంగుళాలను 11.6 అని కాలిక్యులేటర్‌లో కొట్టేసే వాళ్లు చాలామంది. అది 11.5 కావాలి.

అయితే మీరు కొలిచింది గోడల మధ్య ఉన్న నేలను మాత్రమే. 2016 నాటి రెరా చట్టంలో కార్పెట్ ఏరియాకు నిర్వచనం ఉంది. ఫ్లాట్ లోపల వాడుకునే నేలతో పాటు గదికీ గదికీ మధ్యనున్న లోపలి గోడలు నిలబడిన చోటు కూడా అందులోకి వస్తుంది. బయటి గోడలు, పైపులు దిగే డక్టులు, బాల్కనీ, సొంత టెర్రస్ రావు. మీ గదుల అమరిక చూస్తే లోపలి గోడలు మొత్తం 80 అడుగుల పొడవు ఉండొచ్చు. నాలుగున్నర అంగుళాల గోడలు కాబట్టి వాటి కింద సుమారు 30 ఎస్‌ఎఫ్‌టీ పోతుంది. 712కు ఈ 30 కలిపితే 742. మీ ఫ్లాట్ కార్పెట్ ఏరియా ఇదే.

ఇక బిల్టప్ ఏరియా. మన వైపు దీన్నే ప్లింత్ ఏరియా అంటారు. హాలు ముందు బాల్కనీ 48, వంటింటి వెనక గ్రిల్ వేసిన వాష్ ఏరియా 32, రెండూ కలిపి 80. మీరు వీటిని కొలిచి చీటీ చివర విడిగా రాశారు కానీ కూడలేదు. బయటి గోడలు తొమ్మిది అంగుళాలవి. చుట్టూ 120 అడుగుల గోడ వేసుకుని, పక్క ఫ్లాట్‌తో కలిసి ఉన్న 30 అడుగుల గోడలో సగం మందమే మీకు లెక్కిస్తే దాదాపు 79 వస్తుంది. 742కు 80, 79 కలిపితే 901. అది మీ బిల్టప్. ప్లాన్ చూడకుండా చీటీని బట్టి వేసిన లెక్క కనుక గోడల దగ్గర పదో పదిహేనో అటూ ఇటూ కావొచ్చు.

901 నుంచి 1150 దాకా ఉన్న 249 మీ తలుపు బయట ఉంది. మెట్లు, లిఫ్టు, కారిడార్, వాచ్‌మన్ గది, జనరేటర్ పెట్టిన చోటు, ఇలాంటి వాటిలో మీ ఫ్లాట్‌కు వచ్చే వాటా అది. బిల్టప్ మీద లెక్కిస్తే దాదాపు 28 శాతం. అపార్ట్‌మెంట్లు అమ్మేటప్పుడు పాతికా ముప్పై శాతం ఇలా కలపడం మామూలే. దీన్నే సూపర్ బిల్టప్ అంటారు. లోపలి గోడలు 30, బాల్కనీ వాష్ ఏరియా 80, బయటి గోడలు 79, ఉమ్మడి భాగాలు 249. మీ 438 ఇదిగో, పైసలతో సహా తేలింది.

అంటే సార్ మీకు అబద్ధం చెప్పలేదు. బిల్డర్ ఆయనకు ఏ అంకె చెప్పి అమ్మాడో అదే అంకె ఆయన మీకు చెప్పారు. మన దగ్గర డాక్యుమెంట్ రైటర్లు సేల్ డీడ్‌లో ‘ఉమ్మడి భాగాలతో కలిపి 1150 చదరపు అడుగుల ప్లింత్ ఏరియా, విభజించని వాటా ఇన్ని గజాలు’ అని ఒకే వాక్యంలో చుట్టేస్తారు. కార్పెట్ ఏరియా అన్న మాటే కనబడని దస్తావేజులు కోకొల్లలు. కాబట్టి మీ సార్‌కు తన ఫ్లాట్ కార్పెట్ ఏరియా ఎంతో తెలియకపోవడానికే అవకాశం ఎక్కువ.

మీ లెటర్ ఎలా ఉండాలన్నది ఇక్కడే తేలుతుంది. ‘మీ ఫ్లాట్ కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా తెలియజేయగలరు’ అని రాస్తే ఆయన దగ్గర లేని అంకె అడిగినట్టవుతుంది. తెలియదని రాసివ్వడం ఆయనకు నామోషీ. కాబట్టి కార్పెట్ 1150, బిల్టప్ 1150 అని రాసి సంతకం చేసిస్తారు, లేదా మౌనంగా ఉండిపోతారు. మొదటిదే ఎక్కువ ప్రమాదం. ఆ ఫారంలో ఆయన సంతకంతో పాటు మీ సంతకమూ ఉంటుంది. రేపు ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి కొలిస్తే 742ను 1150గా ఎందుకు చూపించావని అడిగేది మిమ్మల్నే. అందుకని అంకె అడగకండి. కాగితం అడగండి. కాగితంలో లేకపోతే కలిసి కొలుద్దామనండి.

ఆయనకు ఇంకో భయం కూడా ఉండొచ్చు. ఆఫీసు లీజు అంటే అద్దె లెక్క కాగితాల మీదికి వస్తుంది, పాన్ నంబర్ అడుగుతారు. ఏడాదికి 1,38,000 అద్దె అవుతోంది కాబట్టి లీజు లేకుండా మీరు మామూలుగా హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పెట్టుకున్నా ఆయన పాన్ ఇవ్వాల్సిందే. అద్దె ఏడాదికి లక్ష దాటితే అది తప్పదు. మున్సిపాలిటీ లెక్కల్లో ఈ ఫ్లాట్ సొంతానికి వాడుకుంటున్నట్టు ఉందేమో, పన్ను కట్టే ప్లింత్ ఏరియా వేరేగా ఉందేమో మనకు తెలియదు. ‘కొలతలు’ అన్న మాట రాయగానే ఆయన మనసు అటు పోవచ్చు. అందుకే ఈ వివరం ఎవరికి, ఎందుకు అన్నది లెటర్ మొదట్లోనే చెప్పి, ఖాళీ ఫారం జిరాక్స్ ఒకటి జత చేయండి. ఆ ఫారం చూశాక ఆయన లీజే వద్దంటే అది ఆయన ఇష్టం. సంతకం పెట్టాక వెనక్కి తగ్గడం కంటే ఇప్పుడే తెలియడం మీకూ మంచిది.

ఆయన్ను అడగకుండా పని జరుగుతుందా అంటే కొంతవరకు జరుగుతుంది. registration.telangana.gov.in లో ఈసీ తీసుకుంటే ఆ ఫ్లాట్ రిజిస్ట్రేషన్ వివరాల్లో గజాల వాటా, కట్టడం ఎస్‌ఎఫ్‌టీ కనబడతాయి. కానీ అక్కడ ఉండేది సేల్ డీడ్‌లో రాసిన అంకే, అంటే బహుశా అదే 1150. ఇంటి పన్ను కాగితంలో ప్లింత్ ఏరియా ఉంటుంది. అది చదరపు మీటర్లలో ఉందేమో చూసుకోండి. 901 ఎస్‌ఎఫ్‌టీ అంటే 83.7 చదరపు మీటర్లు. 84 అని చూసి బెంబేలెత్తిపోవద్దు, 10.764తో గుణిస్తే అడుగులు వస్తాయి. మీ అపార్ట్‌మెంట్‌కు 2017 జనవరి 1 తర్వాత పర్మిషన్ వచ్చి, రెరాలో రిజిస్టర్ అయి ఉంటే rera.telangana.gov.in లో ఆ ప్రాజెక్టు పేరుతో వెతకండి. ఏ రకం ఫ్లాట్‌కు ఎంత కార్పెట్ ఏరియా అన్నది బిల్డర్ అక్కడ ప్రకటించి ఉండాలి. అది దొరికితే మీ పని సగం అయిపోయినట్టే. అంతకు ముందు కట్టినదైతే ఆ దారి లేదు.

ఇవన్నీ చూసుకోవడంలో తప్పు లేదు, అవి ఎవరైనా చూడగలిగే వివరాలే. కానీ అలా చూసి “సార్, ఈసీలో ఇలా ఉంది” అని మొదలుపెడితే వెనక నుంచి ఆరా తీశాడని ఆయన అనుకుంటారు. పైగా ఎన్ని కాగితాలు సంపాదించినా ఫారం మీద ఆయన సంతకం లేకుండా కుదరదు. కాబట్టి ఇవి మీ ధైర్యం కోసం చూసుకోండి, లెటర్‌లో మాత్రం ప్రస్తావించకండి.

లాయర్ నోటీసు గురించి మీ ఫ్రెండు చెప్పింది కోపంలో బాగానే అనిపిస్తుంది. కానీ రెరాలో ‘అలాటీ’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనమే అద్దెకు ఉండేవాళ్లను పక్కన పెట్టింది. ఆ చట్టం కొన్నవాళ్లకూ బిల్డర్‌కూ మధ్యది. మీ అగ్రిమెంటులో కొలత అంటూ ఏదీ రాయలేదు కాబట్టి ‘రాసినంత కొలత ఇక్కడ లేదు’ అని అడిగే వీలూ లేదు. చూసి, నచ్చి, తీసుకున్న ఇల్లు. నోటీసు వెళ్తే బదులుగా మీకు రెండు నెలల నోటీసు రావచ్చు. అప్పుడు మీ ఆవిడ భయమే నిజమవుతుంది. సంతకం అవసరమైనది మీకు, ఆయనకు కాదు. ఆ సంగతి ఎక్కడా మర్చిపోవద్దు.

నేనైతే ముందు ఫోన్ చేసి విషయం చెప్పి, తర్వాత లెటర్ ఇస్తాను. చెప్పకుండా కవరు పంపిస్తే అందులో కుశల ప్రశ్నలే ఉన్నా నోటీసులాగే కనబడుతుంది. “సార్, ఆఫీసు ఫారం ఒకటుంది, దానికోసం చిన్న లెటర్ రాసి తెస్తున్నాను, సాయంత్రం ఇంట్లో ఉంటారా?” అంటే చాలు. లెటర్ ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం:

గౌరవనీయులైన సార్‌కు నమస్కారం.

మా ఆఫీసులో ఇంటి లీజు సదుపాయానికి దరఖాస్తు పెడుతున్నాను. ఆ ఫారంలో ఫ్లాట్ కార్పెట్ ఏరియా, బిల్టప్ ఏరియా వేరువేరుగా రాసి ఇంటి యజమానిగా మీ సంతకం తీసుకురమ్మన్నారు. ఖాళీ ఫారం జిరాక్స్ దీనితో పెడుతున్నాను. అందులో అడిగిన మిగతా వివరాలు కూడా ఒకసారి చూడగలరు.

ఫ్లాట్ 1150 ఎస్‌ఎఫ్‌టీ అని మీరు మొదట్లోనే చెప్పారు. అది మెట్లు, లిఫ్టు వంటి ఉమ్మడి భాగాలతో కలిపిన కొలత అనుకుంటున్నాను. ఫారంలో అడిగిన రెండు కొలతలు మీ దస్తావేజులో షెడ్యూలు ఉన్న పేజీలో గానీ, దానికి జత చేసిన ప్లాన్‌లో గానీ ఉండవచ్చు. వీలుంటే ఆ పేజీల జిరాక్స్ ఇప్పించగలరు. ధర, లోన్ వివరాలున్న పేజీలు అవసరం లేదు.

వాటిలో విడిగా రాసి లేకపోతే, మీకు వీలైన ఆదివారం ఫ్లాట్‌కు రండి. ఇద్దరం కలిసి కొలిచి, వచ్చిన లెక్క ఒక కాగితం మీద రాసి సంతకాలు చేసుకుందాం. ఆఫీసుకు అది సరిపోతుందేమో కనుక్కుని చెబుతాను.

ఈ కొలతలు ఆఫీసు ఫారం కోసం మాత్రమే. ఇప్పటి అగ్రిమెంటులో ఉన్న అద్దెకు దీనితో సంబంధం లేదు. ఫారం ఈ నెలాఖరులోపు ఇవ్వాలి.

ఇట్లు,
(మీ పేరు, ఫ్లాట్ నంబర్, తేదీ)

చూశారు కదా, ఇందులో మీరు కొలిచిన 712 లేదు, మెయింటెనెన్స్ లేదు. 712 రాస్తే ఆయన ముందు వాదానికి దిగుతారు, తర్వాతే కాగితం వెతుకుతారు. ధర ఉన్న పేజీ వద్దని ఎందుకు రాయమన్నానంటే, దస్తావేజు ఇవ్వడానికి ఓనర్లు వెనకాడేది ఎక్కువగా ఆ పేజీ గురించే. ఎంతకు కొన్నారో అద్దెకున్నవాళ్లకు తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు. తేదీ వేసి రెండు కాపీలు తీసుకెళ్లండి. మీ కాపీ మీద ‘అందింది’ అని సంతకం అడగాలా అంటే, మీ నాన్న స్నేహితుడి దగ్గర నేనైతే అడగను. అదే రోజు రాత్రి లెటర్ ఫొటో వాట్సాప్‌లో పంపి “ఇందాక ఇచ్చిన లెటర్, మీ దగ్గర ఉంటుందని పంపుతున్నాను సార్” అంటే రికార్డూ ఉంటుంది, మర్యాదా ఉంటుంది.

అద్దెకు సంబంధం లేదన్న వాక్యం రాసే ముందు మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. అది రాశాక వచ్చే నెల వెళ్లి “742కే పది రూపాయల చొప్పున 7,420 ఇస్తాను” అంటే మీ మాటకు విలువ ఉండదు. అడగాలన్న ఆలోచన నిజంగా ఉంటే ఆ వాక్యం తీసేయండి. అప్పుడు ఆయన సంతకం చేయడానికి తటపటాయించొచ్చు, అందుకు సిద్ధపడాలి. అయినా అద్దె ఎస్‌ఎఫ్‌టీ మీద చెప్పడం ఒక లెక్క కోసమే. అదే ఇంటికి అదే 11,500ను 742తో భాగిస్తే ఎస్‌ఎఫ్‌టీకి పదిహేనున్నర అవుతుంది. ఆయన ఆ రేటు చెప్పి ఉంటే మీరు ఇల్లు వద్దనేవారా? చుట్టుపక్కల అలాంటి రెండు బెడ్‌రూముల ఇళ్లు ఎంతకు పోతున్నాయో కనుక్కోండి. 11,500 అక్కడి ధరే అయితే కొలత పేరుతో తగ్గించమనడం నిలబడదు. ఎక్కువనిపిస్తే నాలుగు నెలల తర్వాత అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు చుట్టుపక్కల అద్దెలు చూపించి అడగండి. అప్పుడు అడిగే హక్కు మీకు ఎలాగూ ఉంటుంది.

కలిసి కొలిచే రోజు వస్తే ఒక పద్ధతి పెట్టుకోండి. గుడ్డ టేపు వద్దు, సాగుతుంది. తెలిసిన కార్పెంటర్ దగ్గర లేజర్ మీటర్ ఉంటే అడిగి తెచ్చుకోండి. నేల అంచున ఉండే టైల్ పట్టీకి కాస్త పైన, ప్లాస్టరింగ్ నుంచి ప్లాస్టరింగ్‌కు కొలవాలి. గోడలో కట్టిన అల్మారా లోతు కూడా గదిలోకే వస్తుంది, పైన ఉండే అటక మాత్రం లెక్కలోకి రాదు. లోపలి గోడ మందం తలుపు దగ్గర, బయటి గోడ మందం కిటికీ దగ్గర తెలుస్తుంది. వాష్ ఏరియా విషయంలో ఇద్దరికీ తేడా రావచ్చు. మీది గ్రిల్ వేసి ఓపెన్‌గా ఉంది కాబట్టి బాల్కనీ కింద వేయడమే న్యాయం. గోడ కట్టి కిటికీ పెట్టి వంటింట్లో కలిపేసి ఉంటే లెక్క మారేది, పైగా అది ప్లాన్‌కు విరుద్ధమా అన్న ప్రశ్న కూడా లేచేది. నాలుగైదు ఎస్‌ఎఫ్‌టీ తేడా వస్తే సార్ చెప్పిందే రాసుకోండి. దానికోసం మాటా మాటా అనుకోవద్దు.

రాసుకునే కాగితంలో ‘ఇద్దరం టేపుతో కొలిచినంత వరకు’ అని ఒక మాట చేర్చండి. సార్‌కు ఆ మాట వల్ల బరువు తగ్గుతుంది. పక్కా సర్టిఫికెట్ ఇస్తున్నానన్న భయం ఉండదు. మీ ఆఫీసు వాళ్లు అలా కుదరదు, ఇంజనీరు సర్టిఫికెట్ కావాలంటే మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్సు ఉన్న ఇంజనీరు వచ్చి కొలిచి ప్లాన్ గీసి ఇస్తారు. ఆ ఫీజు మీరే పెట్టుకోవడం సబబు, అవసరం మీది కదా. ముందే ఆఫీసులో ఒక మాట అడిగి తెలుసుకుంటే ఆదివారం వృథా కాదు. ఫారంలో బిల్టప్ ఏరియా దగ్గర 1150 వేయకండి. కార్పెట్ 742, బిల్టప్ 901 అని, రిమార్క్స్‌లో ‘సేల్ డీడ్ ప్రకారం ఉమ్మడి భాగాలతో కలిపి 1150’ అని వేయండి. అప్పుడు ఏ కాగితం పక్కన పెట్టి చూసినా అంకెలు పొసుగుతాయి.

ఆయన కొలవడానికి రాకపోయినా, “1150 అనే రాసుకో బాబూ, ఏమవుతుంది” అన్నా మీ ముందు రెండు దారులు ఉంటాయి. మీరు ఒంటరిగా కొలిచిన లెక్కను ఫారంలో వేసి, సంతకం చేసే ముందు ఆయనకు చదివి వినిపించడం ఒకటి. చాలామంది పెద్దవాళ్లు అంకె తాము చెప్పాల్సిన పని లేదంటే తేలిగ్గా సంతకం చేస్తారు. అదీ వద్దంటే ఈ ఏడాదికి లీజు సదుపాయం వదులుకుని మామూలు హెచ్‌ఆర్‌ఏతో సరిపెట్టుకోవడం రెండోది. నెలకు ఎంత తేడా వస్తుందో మీ అకౌంట్స్ సెక్షన్‌లో కనుక్కోండి. ఆ డబ్బు కోసం ఈ ఇల్లు వదులుకోవచ్చా, లేదా అన్నది మీరూ మీ ఆవిడా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. తప్పు అంకె మీద సంతకం చేయించుకోవడాన్ని మాత్రం నేను దారిగా లెక్కవేయలేదు.

మెయింటెనెన్స్ వేరే గొడవ, దానికి కార్పెట్ ఏరియా ఆయుధం కాదు. అసోసియేషన్ నెల ఖర్చును ఫ్లాట్లన్నిటి మీద పంచుతోంది. అందరికీ 1150 లాంటి ఉమ్మడి కొలత మీదే వేస్తే మీకు నష్టమేమీ లేదు. రేపు అందరూ బిల్టప్ మీదికి మారినా అంతే డబ్బు వసూలు కావాలి కాబట్టి మీ 901 మీద రేటు రెండు నుంచి రెండున్నర పైకి పోతుంది, మీరు మళ్లీ 2,300 దగ్గరే తేలతారు. చూడాల్సింది ఒక్కటే. అందరికీ ఒకే రకం కొలత వాడారా? మూడు బెడ్‌రూముల వాళ్లకు బిల్టప్, మీకు సూపర్ బిల్టప్ వేసి ఉంటే అది అన్యాయం. అసోసియేషన్ తీర్మానం, ఫ్లాట్ల వారీ ఏరియా లిస్టు అడగాల్సింది సభ్యుడైన ఓనర్. అందుకని లెటర్ పని పూర్తయ్యాక, ఓ వారం పోయాక “సార్, అసోసియేషన్ వాళ్ల లిస్టు ఒకసారి చూస్తారా” అని విడిగా అడగండి. ఈ విషయంలో ఆయనా మీవైపే ఉంటారు, రేపు ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఆ 2,300 కట్టాల్సింది ఆయనే కదా.

దానికంటే ముందు మీ అగ్రిమెంటులో మెయింటెనెన్స్ గురించి సరిగ్గా ఏం రాశారో చదవండి. ‘నెలకు 1,500 మెయింటెనెన్స్ అద్దెదారు చెల్లించాలి’ అని అంకెతో ఉంటే పెరిగిన 800 ఈ నాలుగు నెలలూ ఎవరు భరించాలన్నది మాట్లాడుకోదగిన విషయం. ‘అసోసియేషన్ నిర్ణయించిన మేరకు’ అని ఉంటే మీరు కట్టాల్సిందే. కొత్త అగ్రిమెంటు రాసేటప్పుడు ఫ్లాట్ షెడ్యూలులో మూడు కొలతలూ రాయించి, మెయింటెనెన్స్ ఏ కొలత మీద, పెరిగితే ఎవరి మీద అన్నది కూడా అదే పేజీలో పెట్టించండి. ఈసారి స్టాంపు పేపరు మీరే టైపు చేయించి తీసుకెళ్తే సార్ కూడా చదివి సంతకం చేస్తారు.